పర్లాకిమిడి పక్క పొలం అమ్మితే పన్ను పడుతుందా? గీత ఎక్కడుందో కొలిచి లెక్క కట్టే పద్ధతి

మా బాబాయి 2025 జూన్‌లో, నాట్లకు ముందు, ఎకరన్నర పొలం అమ్మాడు. పర్లాకిమిడి మున్సిపాలిటీ దాటాక వచ్చే ఒక పంచాయతీలో ఉంది ఆ పొలం. ముప్పై లక్షలు వచ్చింది. రిజిస్ట్రేషన్ రోజున దస్తావేజు రాసినాయన "పంచాయతీ భూమి కదా, పన్ను లేదు" అన్నాడు. బాబాయి అదే నమ్మాడు. నేను పన్ను మాటెత్తితే "వరి పండే మడికి పన్నేటిరా?" అని నా మీదే కసిరాడు.

పంచాయతీలో ఉందన్న మాట నిజమే. అయితే ఆదాయపు పన్ను చట్టం పంచాయతీనా, మున్సిపాలిటీనా అన్న దగ్గర ఆగిపోదు. మున్సిపాలిటీ గీత దాటాక కూడా కొంత దూరం వరకు ఉన్న పొలాన్ని అది పట్నం భూమి కిందే లెక్కేస్తుంది. ఆ దూరం ఎంత, ఎక్కడి నుంచి కొలవాలి, లోపల పడితే పన్ను ఎంత అన్నది బాబాయి పొలంతోనే చెబుతాను. మీ పొలం రాయగడ దగ్గరున్నా, జయపురం దగ్గరున్నా, బరంపురం దగ్గరున్నా వరస ఇదే.

ముందు అది సాగు భూమేనా చూసుకోండి

దూరం కొలిచే ముందు పట్టా తీయండి. ఒడిశా పట్టాలో ప్రతి ప్లాట్ నంబరుకు ఎదురుగా కిసం అని ఒక గడి ఉంటుంది. అందులో శారద అనో, మరో సాగు రకమో ఉంటే సరే. ఘరబారి అని ఉంటే అది ఇళ్ల స్థలం. కిసం మార్పించి, లేఅవుట్ వేసి ప్లాట్లుగా అమ్మిన భూమి పట్నానికి ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్నా సాగు భూమి కాదు, దానికి ఈ దూరం లెక్క వర్తించదు. పట్టా ఒడియాలో ఉంటుంది కాబట్టి మనవాళ్లు చాలామంది ప్లాట్ నంబరు, విస్తీర్ణం చూసి మడిచి పెట్టేస్తారు. ఆ గడి మాత్రం ఎవరిచేతనైనా చదివించుకోండి.

కిసం ఒక్కటే సరిపోదు, నిజంగా పంట పండించినట్టు కూడా చూపాలి. మండీలో ధాన్యం అమ్మిన రసీదులు, సహకార సంఘంలో తీసుకున్న పంట రుణం పుస్తకం ఇందుకు పనికొస్తాయి. బాబాయి దగ్గర మూడేళ్ల ధాన్యం రసీదులు ఉన్నాయి. అవి తర్వాత ఇంకో చోట కూడా అక్కరకొస్తాయి, చెబుతాను.

ఊరి జనాభాను బట్టి దూరం

1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 2(14) ప్రకారం రూరల్ వ్యవసాయ భూమి అసలు క్యాపిటల్ అసెట్ కాదు. అందుకే దాన్ని ఎంత లాభానికి అమ్మినా క్యాపిటల్ గెయిన్స్ పన్ను రాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమ్మినవారికి 2025 నాటి కొత్త చట్టం వర్తిస్తుంది. అందులో సెక్షన్ నంబర్లు మారాయి కానీ దూరాల లెక్క అదే.

పది వేలు, ఆపైన జనాభా ఉన్న మున్సిపాలిటీ లోపల పొలం ఉంటే అది అర్బన్, అక్కడితో సరి. బయట ఉంటే, ఆ మున్సిపాలిటీ జనాభా పది వేలు దాటి లక్ష వరకు ఉన్నచోట హద్దు నుంచి 2 కిలోమీటర్ల దాకా అర్బనే. జనాభా లక్ష దాటి పది లక్షల వరకు ఉంటే 6 కిలోమీటర్లు, పది లక్షలు దాటితే 8 కిలోమీటర్లు. మున్సిపాలిటీ అన్న మాటలోకి కార్పొరేషన్ కూడా వస్తుంది, మన ఒడిశాలో ఎన్ఏసీ అని పిలిచేవీ వస్తాయి. పది వేల జనాభా కూడా లేని చిన్న ఎన్ఏసీ అయితే దాని నుంచి దూరం కొలవనక్కర్లేదు.

ఏ జనాభా? ఇప్పుడు ఊళ్లో ఎంతమంది ఉన్నారన్నది కాదు. అమ్మిన ఆర్థిక సంవత్సరం మొదలయ్యే నాటికే అచ్చయిన చివరి జనాభా లెక్కల్లోని సంఖ్య. 2025లో అమ్మితే అది 2011 లెక్కే. 2011లో పర్లాకిమిడిలో సుమారు 46 వేలు, రాయగడలో 71 వేలు, జయపురంలో 84 వేల పైచిలుకు ఉన్నారు. ఈ మూడింటికీ 2 కిలోమీటర్లే. బరంపురం కార్పొరేషన్ మూడున్నర లక్షలు దాటింది కాబట్టి 6 కిలోమీటర్లు.

రాయగడ, జయపురం పక్కన పొలాలున్నవాళ్లు ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2027 జనాభా లెక్కల సంఖ్యలు అచ్చయి, వాటిలో ఆ ఊరు లక్ష దాటినట్టు తేలితే, ఆ మరుసటి ఏప్రిల్ నుంచి హద్దు 2 నుంచి ఒక్కసారిగా 6 కిలోమీటర్లకు పోతుంది. ఇవాళ నాలుగు కిలోమీటర్ల దూరంలో నిశ్చింతగా ఉన్న పొలం ఆ రోజు నుంచి అర్బన్ అవుతుంది. అమ్మే ఆలోచన ఎలాగూ ఉంటే తేదీ కూడా చూసుకోండి.

సరిహద్దు జిల్లాల వాళ్లకు ఇంకో చిక్కుంది. చట్టంలో ఉన్న మాట "ఏ మున్సిపాలిటీ అయినా" అని. మన రాష్ట్రం మున్సిపాలిటీ, మన జిల్లా మున్సిపాలిటీ అని లేదు. గంజాం జిల్లా చివర పొలం ఉన్నవాళ్లు బరంపురం ఎంతో దూరమని ధీమాగా ఉంటారు గానీ, గట్టు అవతలే శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మున్సిపాలిటీ ఉంది. 2011 లెక్కల్లో 36 వేల జనాభా, అంటే 2 కిలోమీటర్లు. అలాగే పాతపట్నం వైపు పొలాలున్నవాళ్లు పర్లాకిమిడి హద్దు నుంచి కొలుచుకోవాలి. పక్క రాష్ట్రం ఊరు లెక్కలోకి రాదని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదన నమ్ముకుని రిటర్న్ వేసి, తర్వాత నోటీసుకు జవాబు వెతుక్కోవడం నాకు ఇష్టం లేదు. నేనైతే రెండు వైపులా కొలుస్తాను.

కొలత: ఎక్కడి నుంచి, ఎలా

మా ఇంట్లో పెద్ద గొడవ ఇక్కడే జరిగింది. బాబాయి లెక్క ప్రకారం బస్టాండు నుంచి పొలానికి ఐదు కిలోమీటర్లు. బండి మీద వెళ్లే దూరం అది. మున్సిపాలిటీ చివరి వార్డు దగ్గర హద్దురాయి నుంచి రోడ్డు వెంట కొలిస్తే 3.4 వచ్చింది. అప్పటికీ రెండు దాటిందని బాబాయి సంబరపడ్డాడు. కానీ ఆ రోడ్డు ఊరి చెరువును చుట్టి, పెద్ద గట్టు మీదుగా తిరిగి వెళ్తుంది. చెరువు మీదుగా తిన్నగా గీత గీస్తే 1.6 కిలోమీటర్లే.

చట్టం అడిగేది ఆ తిన్నని గీతే. అంటే కాకి ఎగిరి వెళ్లే దూరం. ఒకప్పుడు ఈ దూరాన్ని రోడ్డు వెంట కొలవాలన్న కోర్టు తీర్పులు ఉండేవి. 2013 ఫైనాన్స్ చట్టంతో ఆకాశ మార్గంలో కొలవాలన్న మాట చట్టంలోకే చేరింది. అంతకుముందు అమ్మినవాళ్లు తమ అనుభవంతో "రోడ్డు దూరమే చూస్తారు" అని ఇప్పటికీ చెబుతుంటారు. వాళ్లు అబద్ధమాడడం లేదు, వాళ్ల నాటి సంగతి చెబుతున్నారంతే.

మీరు కొలిచేటప్పుడు ముందు మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్లి వార్డుల మ్యాపు చూడండి. మీ పొలానికి అతి దగ్గరగా ఉన్న హద్దు ఏ వార్డుదో, ఆ చివరి ప్లాటు ఏదో రాసుకోండి. పొలం అమ్మిన నాటి హద్దే చూడాలి. ఈ మధ్య చుట్టుపక్కల గ్రామాలను మున్సిపాలిటీలో కలిపి ఉంటే గీత మీ వైపు జరిగి ఉంటుంది, అందుకని పాత మ్యాపు చేతికిస్తే ఒప్పుకోకండి. తర్వాత ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, హద్దు మీద వేలు నొక్కి పట్టి, `Measure distance` ఎంచుకుని, గీతను పొలం దాకా లాగండి. పొలం నడిమధ్యకు కాదు, ఊరికి దగ్గరగా ఉన్న మూలకు లాగండి. మీవి రెండు మూడు ప్లాట్ నంబర్లయితే ఒక్కొక్కటీ విడిగా కొలవండి. ఒకటి గీత లోపల, ఇంకొకటి బయట పడే వీలుంది.

1.2 అని వచ్చినా, 4 అని వచ్చినా ఆ కొలతతో మీకు విషయం తేలిపోతుంది. 1.9కీ 2.1కీ మధ్యలో వస్తే ఫోన్‌ను నమ్మకండి. అమీన్‌ను పెట్టి కొలిపించి, తహసీల్దారు ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తీసుకోండి. దరఖాస్తులో "ఫలానా మున్సిపాలిటీ హద్దు నుంచి తిన్నగా, ఆకాశ మార్గంలో ఎంత దూరం" అని విడమరిచి అడగాలి. ఊరికే దూరం సర్టిఫికెట్ కావాలంటే రోడ్డు దూరం రాసిచ్చేస్తారు. అది ఆదాయపు పన్ను వాళ్ల ముందు నిలవదు.

లోపల పడింది, ఇప్పుడు లాభం ఎంత?

బాబాయి పొలం 1.6 దగ్గర ఉంది, అంటే అర్బన్. ఇక లెక్కలోకి వెళ్దాం. అమ్మిన ధర 30 లక్షలు, మధ్యవర్తికి ఇచ్చింది 30 వేలు. చేతికి మిగిలింది 29 లక్షల 70 వేలు.

ఆ రోజు రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ పొలానికి ప్రభుత్వ విలువ ఎంతో కూడా చూడాలి. ఒడిశాలో దాన్ని బెంచ్‌మార్క్ విలువ అంటారు. అది మీరు అమ్మిన ధర కంటే పది శాతానికి మించి ఎక్కువుంటే, చేతికి వచ్చిన డబ్బును పక్కన పెట్టి ఆ విలువనే అమ్మిన ధరగా తీసుకుంటారు. బాబాయి విషయంలో అది 33 లక్షలు దాటితే ఇబ్బంది. 28 లక్షలే ఉంది కాబట్టి 30 లక్షలే నిలిచింది. దస్తావేజులో ధర తగ్గించి రాయించుకునేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

కొన్న ధర దగ్గరికి వద్దాం. ఈ పొలం తాతయ్య కొన్నది. 1996లో ఆయన పోయాక పంపకాల్లో బాబాయికి వచ్చింది. వారసత్వంగా వచ్చిన భూమికి పాత యజమాని కొన్న ధరే మీ ధర, ఆయన చేతిలో ఉన్న కాలం కూడా మీ కాలమే. 24 నెలలు దాటింది కాబట్టి దీర్ఘకాలిక లాభం. 2001 ఏప్రిల్ 1కి ముందే చేతికొచ్చిన భూమికైతే తాతయ్య ఇచ్చిన కొద్దిపాటి వేలు కాకుండా, ఆ రోజు నాటి మార్కెట్ విలువను తీసుకోవచ్చు. దాన్ని నోటికొచ్చినట్టు చెప్పకూడదు. 2000, 2001లలో చుట్టుపక్కల జరిగిన అమ్మకాల దస్తావేజు నకళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించి, రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత రిపోర్టు రాయించాలి. ఆ నాటి ప్రభుత్వ విలువ దొరికితే, మీ అంచనా దాన్ని మించకూడదు. బాబాయికి ఎకరా మూడు లక్షల చొప్పున ఎకరన్నరకు 4 లక్షల 50 వేలు తేలింది.

ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి. 2024 జులై 23కు ముందే చేతిలో ఉన్న భూమికి, ఇక్కడ నివాసం ఉండే వ్యక్తులకూ హిందూ అవిభక్త కుటుంబాలకూ మాత్రమే ఈ వెసులుబాటు. రెండు లెక్కలూ కట్టి, తక్కువ వచ్చిన పన్ను కట్టవచ్చు.

మొదటిది సూటి లెక్క. 29.70 లక్షల్లోంచి 4.50 లక్షలు తీస్తే 25 లక్షల 20 వేల లాభం. దాని మీద 12.5 శాతం, అంటే 3,15,000 రూపాయలు.

రెండోది ధరల పెరుగుదలను కలుపుకునే లెక్క. ఆదాయపు పన్ను శాఖ సూచీ 2001-02లో 100 అయితే 2025-26లో 376. అంటే 4.50 లక్షలను 3.76తో గుణించాలి. 16 లక్షల 92 వేలు అవుతుంది. 29.70లోంచి అది తీస్తే 12 లక్షల 78 వేలు. దాని మీద 20 శాతం, అంటే 2,55,600. ఈ దారిలో దాదాపు అరవై వేలు మిగిలింది.

శాతం తక్కువ కదా అని చాలామంది 12.5 దగ్గరే ఆగిపోతారు. 2025-26లో అమ్మిన పాత భూములకు నేను వాడే గుర్తు ఒకటుంది. అమ్మిన ధర 2001 విలువకు దాదాపు 8.4 రెట్లలోపు ఉంటే 20 శాతం దారి మేలు, అది దాటితే 12.5 శాతం మేలు. బాబాయిది ఆరున్నర రెట్ల పైచిలుకు. అందుకే 2001 నాటి దస్తావేజు నకళ్ల కోసం రెండు రోజులు తిరిగినా దండగ కాలేదు. తాతయ్య పోయింది 2001 తర్వాత అయి ఉంటే, సూచీ ఏ సంవత్సరం నుంచి వేసుకోవాలన్న వివాదం వచ్చేది. దాని మీద 2011లో బొంబాయి హైకోర్టు మంజులా షా కేసులో పాత యజమాని సంవత్సరం నుంచే అని తీర్పిచ్చింది. మీది అలాంటిదైతే ఆడిటర్‌కు ఆ కేసు పేరు చెప్పండి.

లెక్క ఇంకా అయిపోలేదు. బాబాయి రిటైర్డ్ మాస్టారు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా పెన్షన్ ఏడాదికి 6 లక్షలు. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంటుంది కాబట్టి ఏటా ఆయన పన్ను సున్నా. పొలం అమ్మిన ఏడాది భూమి లాభం కలిసి మొత్తం ఆదాయం 12 లక్షలు దాటింది, రిబేటు పోయింది. నాలుగు లక్షల పైన ఉన్న 2 లక్షల పెన్షన్ మీద 5 శాతం, అంటే 10 వేలు కొత్తగా పడింది. రెండూ కలిపి 2,65,600, దాని మీద 4 శాతం సెస్సు 10,624. మొత్తం 2,76,224 రూపాయలు. దీనికి భిన్నంగా, వేరే ఆదాయమేమీ లేని రైతు అయితే వాడుకోని ఆ నాలుగు లక్షల పరిమితిని భూమి లాభంలోంచి తీసేసుకోవచ్చు. అన్నదమ్ములు కలిసి అమ్మితే ఎవరి వాటాకు వాళ్లు విడివిడిగా ఈ లెక్క కట్టుకోవాలి.

తగ్గించుకునే దారి

మళ్లీ పొలమే కొనాలనుకుంటే సెక్షన్ 54బి ఉంది. అమ్మడానికి ముందు రెండేళ్లు మీరో, మీ అమ్మానాన్నలో ఆ భూమిని సాగు చేసి ఉండాలి. ధాన్యం రసీదులు దాచమన్నది ఇందుకే. పూర్తిగా కౌలుకిచ్చేసి ఉంటే సాగు చేసింది మీరే అని నిలబెట్టుకోవడం కష్టం. అమ్మిన రోజు నుంచి రెండేళ్లలో ఇంకో సాగు భూమి కొనాలి, దాన్ని మూడేళ్లదాకా అమ్మకూడదు. కొత్త పొలం పట్నం దగ్గరే ఉండాలని లేదు, ఎంత మారుమూలైనా పర్వాలేదు. రిటర్న్ గడువులోపు కొనలేకపోతే ఆ సొమ్మును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులో వేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచితే మినహాయింపు పోతుంది.

ఎంతకు కొనాలన్న దగ్గర పొరపాటు పడకండి. పన్ను కట్టింది 12.78 లక్షల మీద కదా, అంత పెట్టి పొలం కొంటే చాలనుకుంటారు. చాలదు. సూచీతో వేసిన లెక్క పన్ను ఎంతో పోల్చుకోవడానికే. చట్టం దృష్టిలో లాభం 25.20 లక్షలే, పూర్తి మినహాయింపు కావాలంటే అంత పెట్టి కొనాలి.

పొలం వద్దనుకునేవాళ్లకు సెక్షన్ 54ఈసీ బాండ్లు ఉన్నాయి. అమ్మిన ఆరు నెలల్లో కొనాలి, 50 లక్షల వరకే, ఐదేళ్లు కదపకూడదు. బాబాయి నా దగ్గరికి వచ్చింది జనవరిలో, అప్పటికి డిసెంబరుతో ఆ ఆరు నెలలూ అయిపోయాయి. పొలం మళ్లీ కొనే ఓపిక తనకు లేదన్నాడు. పన్నే కట్టాడు.

కాగితాలు

బాబాయి అమ్మిన నాటి నియమం ప్రకారం 30 లక్షలు, ఆపైన విలువున్న ప్రతి అమ్మకాన్నీ రిజిస్ట్రార్ ఆఫీసు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలి. మీ పాన్ మీద ఆ శాఖ పెట్టే వార్షిక వివరాల పత్రం `AIS`లో అది కనిపిస్తుంది. భూమి నిజంగా రూరల్ అయినా సరే, ఏడాది రెండేళ్ల తర్వాత ఈ డబ్బు ఎక్కడిదని అడిగే అవకాశం ఉంది. ఆ రోజు తహసీల్దారు సర్టిఫికెట్ కోసం పరిగెత్తే కన్నా అమ్మిన నెలలోనే తీసుకోవడం మంచిది. ఈలోగా మున్సిపాలిటీ హద్దు జరిగిపోవచ్చు. అర్బన్ పొలం ధర 50 లక్షలు, ఆపైన అయితే కొన్నవాళ్లు ఒక శాతం టీడీఎస్ పట్టి మిగతాది ఇస్తారు. రూరల్ పొలానికి అలా పట్టాల్సిన పనిలేదు. పట్టుకున్నారంటే వాళ్లు మీ పొలాన్ని అర్బన్ అనుకున్నారన్నమాట, అది వెంటనే మాట్లాడి తేల్చుకోండి.

రిటర్న్ బాబాయి లాంటివాళ్లకు `ITR-2`. ఆయన ఫైల్లో పట్టా, మూడేళ్ల ధాన్యం రసీదులు, 2001 నాటి దస్తావేజు నకళ్లు, వాల్యుయర్ రిపోర్టు, మధ్యవర్తికి బ్యాంకు ద్వారా ఇచ్చిన ముప్పై వేల రుజువు ఉన్నాయి. అన్నిటికంటే పైన చెరువు మీదుగా గీత గీసిన మ్యాపు ప్రింటు పెట్టాను. దాని మీద 1.6 అని ఎర్ర సిరాతో రాసింది బాబాయే.